సిగ్నల్ పోయిన శనివారం

చిన్నా, మొన్న నువ్వు ఫోన్ చేసి "పెదనాన్నా, ఓటీపీ ఎవరికీ చెప్పను, నాకేం భయం?" అన్నావు. ముప్పై ఏళ్లు బ్యాంకు కౌంటర్లో కూర్చున్నవాణ్ణి, ఒక మాట చెప్పనీ. ఓటీపీ వచ్చేది నీ ఫోనుకి కాదురా, నీ నంబరుకి. ఆ నంబరు ఎవరి సిమ్‌లో ఉంటే వాడికే వస్తుంది. నువ్వు నోరు విప్పనక్కర్లేదు.

మా వీధిలో ఒకాయనకి శుక్రవారం ఫోనొచ్చింది, సిమ్‌ని 5జీకి మారుస్తామని. "మెసేజ్ వస్తుంది, 1 అని జవాబివ్వండి" అన్నారు. ఇచ్చాడు. అది ఆయన నంబరుని వేరే సిమ్‌కి మార్చడానికి ఒప్పుకోలు. బ్యాంకు వివరాలు అంతకుముందే ఏదో లింకులో ఇచ్చేసి ఉన్నాడు. శనివారం పొద్దున్నుంచి సిగ్నల్ లేదు. ఇంట్లో వైఫై ఉంది కనుక వాట్సాప్ మామూలుగానే పనిచేసింది. టవర్ బాగాలేదేమో, సోమవారం చూద్దాంలే అనుకున్నాడు.

సిమ్ మారిన మొదటి 24 గంటలు కొత్త సిమ్‌కి ఎస్ఎంఎస్‌లు ఆపాలని టెలికాం శాఖ నియమం పెట్టింది. ఆ ఒక్క రోజే మనకి దొరికే గడువు. దొంగ ఓపిగ్గా కాచుకున్నాడు, మనవాడు ఊరుకున్నాడు. ఆదివారం ఖాతా ఖాళీ. డబ్బు తీసినట్టు వచ్చే మెసేజ్‌లు కూడా దొంగ సిమ్‌కే పోయాయి.

అందుకని, చుట్టుపక్కల వాళ్లకి సిగ్నల్ ఉండి నీకే లేకపోతే, ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేసినా రాకపోతే, తెల్లారేదాకా ఆగకు. వేరే ఫోన్ నుంచి ముందు సిమ్ కంపెనీకి చేసి, సిమ్ మార్చమని ఎవరైనా అడిగారా అని కనుక్కుని నంబరు ఆపించు. వెంటనే బ్యాంకుకి చెప్పి ఖాతా లావాదేవీలు ఆపించు. డబ్బు పోయి ఉంటే 1930కి చెయ్యి. బ్యాంకు నంబరు కాగితం మీద రాసి పెట్టుకో. అప్పుడు గూగుల్లో వెతికితే అక్కడ ఇంకో దొంగ నంబరు తగలొచ్చు.

రిజర్వ్ బ్యాంక్ 2017 జూలైలో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, తప్పు నీదీ బ్యాంకుదీ కానప్పుడు, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లో ఫిర్యాదిస్తే నష్టం నీ మీద పడదు. ఓటీపీ నువ్వే చెప్పి ఉంటే మాత్రం, ఫిర్యాదు ఇచ్చేవరకు పోయిందంతా నీదే. ఆ తర్వాత పోయేది బ్యాంకుది. అందుకే ఫిర్యాదు నంబరూ టైమూ రాసి పెట్టుకో.

ఇంకొక్కటి. లావాదేవీల సమాచారం ఈమెయిల్‌కి కూడా వచ్చేలా బ్యాంకులో నమోదు చేయించు. సిమ్ పోయినా ఆ కబురు నీకు అందుతుంది. ఆదివారం ఇంటికెళ్తే మీ నాన్నకి కూడా చేసిపెట్టు. వాడు బ్యాంకుకి ఈమెయిల్ ఇచ్చాడంటే నేను నమ్మను.