ముందు ఆ దస్తావేజు చదువు నాయనా

మీ అమ్మమ్మ ఇల్లు మావయ్య పేర రాసిచ్చింది, ఇప్పుడు ఆయన ఆవిడను పట్టించుకోవడం లేదు అనుకో. సంగతి తెలియగానే నువ్వేం చేస్తావో నాకు తెలుసు. బండి తీసి నేరుగా పోలీస్ స్టేషన్‌కు పోతావు. లేదా సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు పోయి, గిఫ్టు రద్దు చేయండి, ఎంతవుతుంది అని అడుగుతావు. నీ మనసు మంచిదే, కాదనను. కానీ ఆ తొందరే కొంప ముంచుతుంది. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు పక్కన దస్తావేజులు రాస్తూ తల నెరిసినవాణ్ణి, నీకంటే ముందు అట్లా పరిగెత్తుకొచ్చినవాళ్లను బోలెడంతమందిని చూశాను. అందరికీ ఒకటే చెప్పేవాణ్ణి: కూర్చో, మంచినీళ్లు తాగు, ముందు ఆ దస్తావేజు చదువు.

ఒకసారి రిజిస్టరై, అవతలివాడు పుచ్చుకున్న గిఫ్టును ఇచ్చినవాళ్లు ఒక్కరే వెళ్లి నా ఇష్టం, రద్దు అంటే కుదరదు. పోలీసులు పిలిచి మందలించగలరేమో గానీ ఆస్తి తిరిగి రాయించలేరు. దారి వేరే ఉంది. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమం కోసమని 2007లో చేసిన చట్టం, అందులో 23వ సెక్షన్. 60 ఏళ్లు నిండినవాళ్లు తమను చూసుకోవాలన్న షరతు మీద ఆస్తి రాసిచ్చి, పుచ్చుకున్నవాడు చూసుకోకపోతే, ఆ బదిలీ మోసంతోనో ఒత్తిడితోనో జరిగినట్టు లెక్క. దాన్ని చెల్లదని ప్రకటించే అధికారం ట్రిబ్యునల్‌ది. ట్రిబ్యునల్ అంటే ఎక్కడో ఢిల్లీలో ఉండేది కాదు, మన ఆర్డీఓ గారే. తెల్లకాగితం మీద అర్జీ చాలు, లాయరు ఉండాలన్న నిబంధన లేదు. అమ్మమ్మ మంచంలో ఉంటే ఆవిడ అనుమతితో నువ్వూ పెట్టవచ్చు.

విన్నావు కదా, షరతు మీద అన్నాను. మొత్తం సంగతి ఆ ఒక్క మాట మీదే నడుస్తుంది. అందుకే మళ్లీ చెబుతున్నాను, దస్తావేజు చదువు. ఇంట్లో కనబడకపోతే, మావయ్య బీరువాలో ఉంటే, గొడవపడకు. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ తీసుకో. దాంతోపాటే ఈసీ కూడా తీయించు. ఇల్లు ఇంకా మావయ్య పేరునే ఉందా, ఎవరికైనా అమ్మేశాడా, బ్యాంకులో తాకట్టు పెట్టాడా అనేది అందులో తేలుతుంది. ఈ గొడవ ఏమీ తెలియకుండా డబ్బిచ్చి కొనుక్కున్న మూడో మనిషి మధ్యలోకి వస్తే వ్యవహారం చాలా చిక్కుపడుతుంది. అందుకే ఈసీ చూడటంలో మాత్రం ఆలస్యం చేయకు. నేను తొందరపడమనేది ఇక్కడొక్కచోటే.

ఇప్పుడు కాపీ చేతికొచ్చింది. సర్వే నంబర్లు, హద్దులు పక్కన పెట్టు. ఎందుకు ఇస్తున్నానని రాసిన పేరా వెతుకు. మాబోటివాళ్లు పాత నమూనా చూసి గబగబా రాసేస్తే అక్కడ "నీ యందు గల ప్రేమాభిమానములచేత" అని మాత్రమే ఉంటుంది. ఇంకొన్నిటిలో "నీవు నా బాగోగులు చూచుచున్నందున" అని ఉంటుంది. అది ఇప్పటిదాకా చూశావు, అందుకు ఇస్తున్నానన్నట్టు. ఇకముందు చూడాలన్న కట్టుబాటు అందులో సూటిగా లేదు. ఇంకొన్నిటిలో "నా జీవితకాలమంతయు నాకు తిండి, బట్ట, వసతి, వైద్యము సమకూర్చవలెను" అని ఉంటుంది. అట్లాంటి వాక్యం దొరికిందా, అమ్మమ్మ చేతిలో బలం ఉన్నట్టే. కింద ఎక్కడో "మరల రద్దుపరచుటకు నాకు ఎట్టి హక్కు లేదు" అని కూడా ఉంటుంది, అది చూసి బెంబేలెత్తకు. అది మా నమూనాల్లో అలవాటుగా పడే వాక్యం. ఆర్డీఓ గారి ముందు మొదట తేలాల్సింది చూసుకోవాలన్న షరతు ఉందా లేదా అన్నదే.

ఆ వాక్యం గిఫ్టు డీడులోనే ఉండాలా, విడి కాగితంలో ఉంటే పనికిరాదా అంటావేమో. మధ్యప్రదేశ్‌లోని ఛతర్‌పూర్‌లో ఒక తల్లి ఎప్పుడో 1968లో కొన్న ఆస్తిని 2019లో కొడుక్కి గిఫ్టుగా రాసింది. కొడుకు తల్లిదండ్రులను చూస్తున్నాడని డీడులో ఉంది. దానికి తోడు అప్పుడే ఇంకో కాగితం కూడా పుట్టింది. చివరిదాకా చూసుకుంటాను, చూసుకోకపోతే అమ్మ గిఫ్టు వెనక్కి తీసుకోవచ్చు అని అందులో ఉంది. ఏడాది దాటేసరికి ఆవిడ అర్జీ పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ కాగితం దొంగదన్నాడు కొడుకు. కింది అధికారి తల్లి పక్షాన చెప్పాడు, కలెక్టరూ అదే చెప్పాడు, హైకోర్టు డివిజన్ బెంచి కాదంది. చివరికి 2025 జనవరి 2న సుప్రీంకోర్టు ఆ రెండు కాగితాలనూ కలిపి చదివి గిఫ్టు చెల్లదంది. ఇల్లు ఫిబ్రవరి 28 లోపు ఆవిడకు అప్పగించమంది. ఖాళీ చేయించి స్వాధీనం ఇప్పించే అధికారం కూడా ట్రిబ్యునల్‌కు ఉందని అదే తీర్పులో తేల్చింది. అందుకే పాత ట్రంకుపెట్టెలు కూడా వెతకమంటాను. అప్పట్లో ఇంట్లో కూర్చుని రాసుకున్న ఒప్పందం, మావయ్య సంతకం పెట్టిన చిన్న చీటీ, ఏది దొరికినా దాచు.

వెతకకుండా పరిగెత్తితే ఏమవుతుందో కూడా విను. హర్యానాలో ఒకావిడ కూతుళ్లకు హక్కు విడుదల పత్రం రాసిచ్చి, తర్వాత రద్దు చేయమంది. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆవిడకు వ్యతిరేకంగా చెప్పింది. ఎందుకంటే చూసుకోవాలన్న షరతు పత్రంలో లేదు. పెట్టిన అర్జీలోనైనా అట్లాంటి షరతు మీద ఇచ్చానని ఒక్క ముక్క లేదు. అర్జీలో లేదన్నది గట్టిగా పట్టుకో నాయనా. అర్జీ అంటే కష్టాలు ఏకరువు పెట్టడం కాదు. ఏ తేదీన, ఏ నంబరు దస్తావేజుతో, ఏ షరతు మీద ఇచ్చింది, ఆ షరతు ఎప్పటినుంచి, ఎట్లా తప్పింది, ఇవి రాయాలి. చివర అడగాల్సినవన్నీ అడగాలి: బదిలీ చెల్లదని ప్రకటించమని, ఇంటి స్వాధీనం ఇప్పించమని, ఆలోగా నెలవారీ పోషణ ఇప్పించమని. పోషణ ఈ చట్టం కింద నెలకు 10,000 రూపాయలు దాటదు. ఆస్తి సంగతి తేలకపోయినా దానికి మాత్రం షరతు గిరతు అక్కర్లేదు.

షరతు తప్పాడని చూపించడంలోనే మీ పిల్లలు బోల్తా పడతారు. అత్తయ్య విసుక్కుంది, టీవీ సౌండు తగ్గించమంది, పండక్కి చీర పెట్టలేదు, ఇట్లాంటివన్నీ రాసుకొస్తారు. చట్టం చూసేది తిండి, నీడ, మందులు, కనీస అవసరాలు. అమ్మమ్మ బీపీ మాత్రలు తన పింఛను డబ్బుతో కొనుక్కుంటోందా? ఆ బిల్లులు పెట్టు. ఆసుపత్రిలో ఎవరు చేర్చారు, డబ్బు ఎవరు కట్టారు? ఆ కాగితాలు పెట్టు. పక్కింటివాళ్లు క్యారేజీ పంపుతున్నారా? వాళ్లు వచ్చి ఆ మాట చెబుతారేమో అడుగు. అత్తయ్య మాటొచ్చింది కాబట్టి ఇంకొకటి. ఇల్లు ఖాళీ చేయించాల్సి వస్తే, కోడలిగా ఆ ఇంట్లో ఉండే హక్కు గృహహింస చట్టం కింద ఆవిడకూ ఉండవచ్చు. రెండిటినీ కలిపి చూడాలని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. మావయ్య మీద కోపంతో ఆవిడను రోడ్డు మీదికి ఈడ్చాలని మాత్రం చూడకు.

షరతు ఎక్కడా లేకపోతే? కుదరదని ముఖం మీద చెప్పేస్తే నేను అబద్ధం చెప్పినట్టవుతుంది. ప్రేమతో ఇచ్చానన్న మాటలోనే చూసుకోవాలన్న షరతు దాగి ఉందని 2025 మార్చిలో మద్రాసు హైకోర్టు అంది. అర్జీలో ఆ వాదన తప్పక పెట్టాలి. కానీ దాని మీదే భారమంతా వేయకూడదు. మాయమాటలు చెప్పి, బెదిరించి రాయించుకున్నారని నిజంగా ఉంటే సివిల్ కోర్టు ఉంది. అయితే సంగతి తెలిసిన నాటినుంచి మూడేళ్లలోపు దావా వేయాలి. 2007 చట్టం అమల్లోకి రాకముందు రాసిచ్చిన ఆస్తికి 23వ సెక్షన్ పనికిరాదు. తేదీ కూడా చూడమనేది అందుకే. దస్తావేజు చదవమని ఇన్నిసార్లు ఎందుకు నస పెడుతున్నానో ఇప్పుడు తెలిసిందా?

ఇదంతా సరే, అసలు అమ్మమ్మను అడిగావా? మీ అమ్మ ముందు కాదు, పిన్ని ముందు కాదు, ఆవిడ ఒక్కతే ఉన్నప్పుడు. రద్దు కోరడం రాసిచ్చిన మనిషి ఇష్టం, నీ ఇష్టం కాదు. ఇల్లు వెనక్కి వస్తే తమకూ వాటా వస్తుందని కూతుళ్లు ముసలమ్మను ముందు పెట్టి నడిపిన కేసులు నేను చూశాను. విచారణలో నాలుగు ప్రశ్నలు అడిగేసరికి అది బయటపడిపోతుంది. కొందరు పెద్దవాళ్లకు ఇల్లు అక్కర్లేదు, వేళకు ముద్ద, కన్ను ఆపరేషను కావాలి. అట్లా అయితే పోషణ అర్జీ ఒక్కటే పెట్టించు. నోటీసు అందేసరికే చాలామంది మావయ్యలు దారికొస్తారు. ట్రిబ్యునల్ రాజీకి కూడా పంపుతుంది. అక్కడ ఒప్పుకున్నది కాగితం మీద రాయించు, నోటిమాట నమ్మకు. ఎటు పోవాలో తోచకపోతే 14567కు ఫోన్ చేయించు, అది వయోవృద్ధుల హెల్ప్‌లైను.

ఆర్డరు అనుకూలంగా వస్తే చేతులు దులుపుకోకు. ఆ కాపీ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఇచ్చి నమోదు చేయించు, మున్సిపాలిటీలో పేరు మార్పించు. లేకపోతే ఈసీలో ఇంకా మావయ్యే కనిపిస్తాడు, ఆ ఈసీ చూసి ఎవరో ఒకరు కొంటారు. అర్జీ కొట్టేస్తే 60 రోజుల్లోపు పైన కలెక్టరు స్థాయిలో అప్పీలుంది.

ఇక నీ సంగతి. మీ నాన్న ఈమధ్య ఫ్లాటు నీ పేర పెడతానంటున్నాడని విన్నాను. షరతు రాయమంటే నువ్వు నొచ్చుకుంటావేమోనని ఆయన నోరు తెరవడు. ఆ మాట నువ్వే అనాలి. "నాన్నా, నీకూ అమ్మకూ బతికున్నన్నాళ్లూ ఇంట్లో ఉండే హక్కు, మిమ్మల్ని చూసుకోవాల్సిన బాధ్యత నా మీద, రెండూ రాయిద్దాం" అను. అసలు ఇప్పుడే గిఫ్టు ఎందుకు, వీలునామా రాస్తే ఎప్పుడైనా మార్చుకోవచ్చు కదా అని కూడా అడుగు. రిజిస్ట్రేషన్ రోజు డాక్యుమెంటు రైటరు కంప్యూటర్లో ఉన్న నమూనా తెరిచి పేర్లు మార్చేస్తుంటాడు. అందులో ఆ పేరా ఉండదు. పక్కన నిలబడి చెప్పి రాయించు. తర్వాత మీ నాన్నకు ఒకసారి చదివి వినిపించి అప్పుడు వేలిముద్రలకు పంపు.