గోడ ఒకరిది, చిత్రం మరొకరిది: కుడ్యచిత్రాల తొలగింపులో నైతిక ప్రశ్న

వీధిగోడపై వేసిన చిత్రానికి సంబంధించి హక్కు చెప్పుకొనేవారు ఇద్దరుంటారు. గోడ యజమానిది, కల్పన చిత్రకారునిది. కాన్వాసుపై వేసిన చిత్రాన్ని కొన్నవారు తమ వెంట తీసుకుపోగలరు. గోడపై చిత్రం సాధారణంగా గోడతోనే ఉండి గోడతోనే నశిస్తుంది. అందువల్ల దానిని తుడిచివేసే అధికారం ఎవరిదన్న ప్రశ్న ఆస్తిహక్కు ఒక్కదానితో తేలదు. ఈ ప్రశ్నను రెండు సంఘటనల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

న్యూయార్క్ నగరంలోని క్వీన్స్‌లో ‘ఫైవ్ పాయింట్జ్’ అనే పాత కర్మాగార భవనాల సముదాయం ఉండేది. యజమాని జెర్రీ వోల్కాఫ్ అనుమతితో, జోనాథన్ కోహెన్ అనే కళాకారుని పర్యవేక్షణలో 2002 నుంచి అక్కడ అనేకులు చిత్రాలు వేశారు. భవనాలు కూల్చి నివాసగృహాలు కట్టాలని యజమాని నిశ్చయించగా చిత్రకారులు న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. న్యాయమూర్తి ఫ్రెడరిక్ బ్లాక్ తాత్కాలిక నిషేధం ఇవ్వలేదు. అయితే కారణాలు వివరించే లిఖిత తీర్పు వెలువడకముందే, 2013 నవంబరులో, యజమాని రాత్రివేళ ఆ చిత్రాలపై తెల్లరంగు పూయించాడు.

గుర్తింపు పొందిన కళాఖండాలను నాశనం కాకుండా కాపాడే 1990 నాటి అమెరికా చట్టం ఆధారంగా 2018లో 45 చిత్రాలకు 67.5 లక్షల డాలర్ల పరిహారం విధించబడింది. గోడలు ఎప్పటికైనా కూలుతాయని చిత్రకారులకు ముందే తెలుసునన్నది యజమాని వాదం. చిత్రం తాత్కాలికమైనంత మాత్రాన దాని గౌరవం తగ్గదని 2020లో అప్పీలు న్యాయస్థానం స్పష్టం చేసింది.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటుంది. కూల్చే హక్కు యజమానికి లేదని న్యాయమూర్తి అనలేదు. కూల్చివేతకు అనుమతులు వచ్చే వరకు, అంటే మరో పది నెలలు, ఆగి ఉంటే ఇంత పరిహారం పడేది కాదన్నాడు. ఆ వ్యవధిలో చిత్రకారులు ఛాయాచిత్రాలు తీసుకొనేవారు, ఊడదీయగల పలకలను తీసుకుపోయేవారు. కాబట్టి ఇందులోని దోషం చిత్రం నశించడంలో కంటే, వీడ్కోలుకు అవకాశం లేకుండా చేయడంలో ఉంది.

రెండవ సంఘటన దీనికి విపర్యయం. ఇటలీలోని బొలోన్యా నగరంలో, ‘బ్లూ’ అన్న మారుపేరుతో ప్రసిద్ధుడైన చిత్రకారుని బొమ్మలను పాడుబడిన గోడలనుంచి వేరుచేసి, అతని సమ్మతి లేకుండానే 2016లో ఒక ప్రదర్శనలో పెట్టారు. నిర్వాహకులు దానిని పరిరక్షణ అన్నారు. వీధిలో అందరిదైన చిత్రం ప్రవేశరుసుము వెనుకకు చేరడమే అపహరణ అని అతడు భావించాడు. నిరసనగా ఆ నగరంలో మిగిలిన తన చిత్రాలపై స్వయంగా బూడిదరంగు పూశాడు.

ఒకచోట తుడిచివేత అన్యాయమైతే, మరొకచోట భద్రపరచడమే అన్యాయంగా తోచింది. రెండింటిలోనూ భంగపడినది ఒక్కటే: తన రచన ఎట్లా ముగియాలో చెప్పగల కర్త మాట. అయితే ఈ నిర్ణయానికీ ఒక పరిమితి ఉంది. ఏళ్ల తరబడి ఆ బొమ్మల ముందునుంచి నడిచిన బొలోన్యా వాసులను బ్లూ కూడా అడగలేదు. వీధిని ఎంచుకొన్న కర్త చూపరులకు కూడా కొంత బాధ్యుడవుతాడు. యజమానినుంచి మనం కోరే గడువును, కర్తనుంచి కూడా కోరడం న్యాయం.