‘నా రోజు’ పై పద్యం: అడగడమా, కల్పించడమా?

రామరాజభూషణుడు వసుచరిత్రలో కథలను మూడు విధాలుగా విభజించాడు. కేవల కల్పితకథ ఆయన దృష్టిలో కృత్రిమరత్నం. పూర్వకథ సహజంగా పుట్టిన రత్నం. పూర్వవృత్తానికి సత్కవి కల్పన తోడైతే అది సానపట్టిన జాతిరత్నం. పురాణవస్తువుకు ఈ విభజన చక్కగా సరిపోతుంది. కాని ఆ కథల్లోని పాత్రలు కవి ఎదుట నిలిచి ‘అది నేను కాదు’ అనలేవు. బతికి ఉన్న మనిషి గడిపిన రోజే వస్తువైనప్పుడు సమస్య మారుతుంది.

చింతపల్లి పరిసరాల్లో కాఫీతోట ఉన్న ఒక ఆదివాసీ స్త్రీ, పద్యాలు రాస్తాడని పేరున్న ఉపాధ్యాయునితో “మాష్టారూ, నా రోజు మీద ఒక పద్యం రాసిపెట్టండి” అని మాత్రమే అన్నదనుకుందాం. అవధానంలో పృచ్ఛకుడు ప్రభాతవర్ణన అడిగితే, అది ఎవరి ప్రభాతమనే ప్రశ్న పుట్టదు. అక్కడ కల్పనకు అడ్డులేదు. ఇక్కడ ‘నా’ అనే ఒక్క మాట ఆ స్వేచ్ఛకు హద్దు గీస్తుంది.

అడగకుండా రాసే కవి చేతికి మొదట అందేవి పొగమంచు, ఎర్రటి కాఫీపళ్ళు, థింసా. ఆమె అడిగింది జూన్ నెలలోనైతే? మన్యంలో కాఫీపళ్ళ కోత ప్రధానంగా చలికాలపు పని. జూన్‌లో కొమ్మలపై ఉండేవి పచ్చికాయలే. కోతకాలమే అయినా అది సంతరోజు కావచ్చు, ఆమె తోటవైపే వెళ్ళకపోయి ఉండవచ్చు. అప్పుడు పద్యం కొండల గురించి అవుతుంది, ఆమె గురించి కాదు. ఇది కేవలం వాస్తవదోషం కాదు. ఒక మనిషిని ఆమె ప్రాంతానికి నమూనాగా మార్చడం అసలు దోషం.

అలాగని ప్రశ్నలన్నీ అడగడమూ సరికాదు. ఎప్పుడు లేచారు, ఏం వండారు, ఎంత కోశారు అని వరుసగా అడిగితే అది సర్వేకు వచ్చిన ఉద్యోగి పద్ధతి అవుతుంది. పైగా వివరాలు చెప్పకపోవడం ఆమె ఎంపిక కూడా కావచ్చు. ఆ రోజులో చెప్పుకోవడానికి ఇష్టపడనిది ఏదో ఉండవచ్చు.

కాబట్టి ఒకే ప్రశ్న న్యాయం: “ఇవాళ్టి రోజులో పద్యంలో ఉండాల్సినదేమిటమ్మా?” జవాబు వస్తే అదే సానకు దొరికిన రాయి. రాకపోతే నాలుగు పాదాల చిత్తు రాసి, ఇందులో ఊహించినది ఇదీ అని ముందే చెప్పి వినిపించాలి. తన రోజును వర్ణించమంటే తడబడే మనిషి కూడా తప్పును సులభంగా సరిదిద్దుతుంది: “కోతకెక్కడ వెళ్ళానండీ, పాపకు జొరమైతే ఆస్పత్రికెళ్ళాను.” ఈ పద్ధతికీ ఒక ప్రమాదం ఉంది. మాష్టారి మీది గౌరవంతో ఆమె ప్రతి పాదానికీ “బాగుందండీ” అనవచ్చు. ఒక్క దిద్దుబాటు కూడా రాని చిత్తు అంగీకారం పొందినట్టు కాదు. అప్పుడు కవి తన ఊహల్లో ఒకదాన్ని తానే తీసేసి, ఆ ఖాళీ చోట ఏముండాలో మళ్ళీ అడగాలి. అప్పటికీ ఆమె నవ్వి ఊరుకుంటే, ఆ పాదంలో ఆమెకు అంటగట్టిన పని ఏదీ ఉండకూడదు. ఆమె పద్యం అడగడానికి వచ్చిన ఆ సాయంత్రం ఒక్కటే ఉండాలి. అది మాత్రం కవి కళ్ళారా చూసినదే.