శ్వాసకూ శ్వాసకూ మధ్య

14వ శతాబ్దికి చెందిన ఆలంకారికుడు విశ్వనాథుడు తన సాహిత్యదర్పణంలో వత్సలమనే రసాన్ని కూడా అంగీకరించి, దాని సామగ్రిని వివరంగా చెప్పాడు. బిడ్డ మీద పెద్దలకుండే స్నేహం దానికి స్థాయిభావం, అనగా కావ్యం పొడుగునా నిలిచి ఉండే మూలభావం; బిడ్డ ఆలంబనం, అనగా ఆ భావానికి ఆధారం; బిడ్డ చేష్టలూ, విద్య, శౌర్యం వంటివీ ఉద్దీపనాలు, అనగా ఉన్న భావాన్ని రగిలించేవి. మధ్యలో వచ్చిపోయే సంచారిభావాలలో హర్షాన్నీ గర్వాన్నీ చెబుతూ, వాటికంటే ముందు ఆయన అనిష్టశంకను పేర్కొన్నాడు. బిడ్డకు ఏ కీడు వాటిల్లుతుందోనన్న భయమే అనిష్టశంక. ఈ లక్షణం పాకే బిడ్డకూ, వెన్న దొంగిలించే బిడ్డకూ చక్కగా అమరుతుంది గాని, పుట్టి రెండు రోజులైన పసికందు విషయంలో ఒక చిక్కు తెస్తుంది. ఆ కందుకు విద్య లేదు, శౌర్యం లేదు, చేష్టలని చెప్పదగినవి కూడా దాదాపు లేవు. మరి ఆ రాత్రి తండ్రి హృదయాన్ని రగిలించేది ఏది? ఈ ప్రశ్నను ఒక యువకవికీ, అతనికి కళాశాలలో తెలుగు చెప్పిన ఆచార్యునికీ మధ్య సంవాదంగా పరిశీలించవచ్చు.

కవి తన తొలి జాగరణ మీద రాసిన కవితను ఆచార్యుని ముందుంచాడు. తొలి కాన్పు పుట్టింట జరగడం తెలుగునాట ఆచారం కనుక అతడు అత్తవారి ఊళ్ళోని ఆసుపత్రిలో చుట్టపుచూపుగా వచ్చినవాడిలా ఉన్నాడు; భార్యకు శస్త్రచికిత్సతో కాన్పయింది; రెండో రాత్రి అత్తగారు అలసి నిద్రపోగా పాప ఉయ్యాల పక్కన కూర్చునే పని అతనికి దక్కింది. కవిత నలభై పంక్తులు. పాప రాత్రంతా ఏడ్చిందనీ, తండ్రిని గుర్తుపట్టి నవ్విందనీ, అతని వేలు పట్టుకొని విడవలేదనీ, అతడు ఒంటరిగా తెల్లవార్లూ కాపలా కాశాడనీ, ఈ పాప పెరిగి గొప్పదవుతుందనీ అందులో ఉంది.

ఆచార్యుడు చదివి ముందుగా ఒక్కటే అడిగాడు: "పాప నిజంగా రాత్రంతా ఏడ్చిందా?"

కవి కాసేపు ఆలోచించి లేదన్నాడు. పుట్టిన మొదటి రోజు మత్తుగా పడుకున్న పాప రెండో రాత్రి మాటిమాటికీ లేచిందనీ, రెండు గంటలకోసారి, ఒక్కోసారి అంతకంటే ముందే పాలకు ఏడ్చిందనీ, పాలు తాగాక మళ్ళీ నిద్రపోయిందనీ చెప్పాడు. "ఏడ్చినప్పుడు నిజానికి ధైర్యంగానే ఉండేది మాస్టారూ. పాప నిద్రపోయాకే నిద్ర పట్టలేదు."

"అయితే నీ కవిత ఆ రెండో భాగంలో ఉంది నాయనా, రాసింది మాత్రం మొదటి భాగం" అని ఆచార్యుడు అన్నాడు. "పాప నిద్రపోయాక ఏం జరిగింది?"

కవి చెప్పినది ఇది. పెద్దవారు నిమిషానికి పన్నెండు నుంచి ఇరవై సార్లు ఊపిరి తీస్తే పసికందు ముప్పై నుంచి అరవై సార్లు తీస్తుంది. అదైనా ఒకే తీరున సాగదు. కొన్ని శ్వాసలు గబగబా వచ్చి, తరువాత ఛాతీ కదలిక పూర్తిగా ఆగి, ఐదు నుంచి పది సెకన్ల తరువాత మళ్ళీ మొదలవుతుంది. శ్వాసను నడిపే మెదడు కేంద్రాలు ఇంకా పరిణతి చెందకపోవడం వల్ల ఇలా జరుగుతుంది. వైద్యులు దీనిని ఆవర్తక శ్వాస అంటారు, అనగా ఆగుతూ సాగుతూ తిరిగి తిరిగి వచ్చే శ్వాస. ఆ రాత్రి కవికి ఇదేమీ తెలియదు. ఛాతీ ఆగినప్పుడల్లా అతడు అంకెలు లెక్కపెట్టాడు, ముక్కు దగ్గర వేలు ఉంచాడు, దుప్పటి మీదికి వంగాడు. చివరికి నర్సును పిలిస్తే ఆమె పాప పెదవుల రంగు చూసి, కాసేపు ఛాతీ గమనించి, ఇది మామూలేనని చెప్పింది. విరామం ఇరవై సెకన్లకు చేరినా, పెదవులు నీలం తిరిగినా, ఒళ్ళు వాలిపోయినా మాత్రం క్షణం ఆగకుండా పిలవమంది. ఆ మాట విన్న తరువాత కూడా అతడు లెక్క మానలేకపోయాడు.

ఆచార్యుడు కాగితాలు పక్కన పెట్టి, విశ్వనాథుడు చెప్పిన అనిష్టశంక ఇదేనన్నాడు. మన కవులు వాత్సల్యాన్ని విస్తారంగా రాశారు. పోతన భాగవత దశమస్కంధంలో బాలకృష్ణుని అల్లరి ఉంది, అన్నమాచార్యుని లాలిపాటలున్నాయి. అక్కడ బిడ్డ ఆడుతాడు, అలుగుతాడు, నవ్వుతాడు. పైగా ఆ బిడ్డ దేవుడని వినేవారికి తెలుసు కనుక శంక ఎంత కలిగినా చివరికి ఆశ్చర్యంలో కరిగిపోతుంది. పాడే గొంతు కూడా ఎక్కువగా యశోదదో గోపికలదో. పురుషకవి అయినా తల్లి గొంతునే అరువు తెచ్చుకుంటాడు. పురిటింట తండ్రికి చోటు లేని సమాజంలో ఆ రాత్రి తండ్రి గొంతు కావ్యంలో వినిపించకపోవడం వింత కాదు. "నీకు ఆ చోటు దొరికింది. దొరికిన చోట కూర్చొని నువ్వు చూసినది వదిలి, కావ్యాల్లో చదివిన చేష్టలన్నీ పాపకు తొడిగావు."

కవి దీనికి ఒప్పుకోలేదు. నవ్వడం కళ్ళారా చూశానన్నాడు, వేలు పట్టుకోవడం చేతికే తెలిసిందన్నాడు. అవి కల్పన ఎలా అవుతాయని అడిగాడు.

ఇక్కడ ఆచార్యుడు రెండింటినీ ఒకే గాట కట్టలేదు. పసికందు నిద్రలో దాదాపు సగం చురుకునిద్ర, అనగా రెప్పల కింద కళ్ళు కదులుతూ, ముఖకండరాలు ఉలికిపడుతూ, శ్వాస మరింత క్రమం తప్పే నిద్ర. ఆ నిద్రలో పెదవుల మీదికి వచ్చే నవ్వు ఎవరినీ చూసి వచ్చినది కాదు. దేవుడు ఆడిస్తున్నాడని పెద్దలు చెప్పే మాటలో ఆ వినయం ఉంది: నవ్వు ఇంట్లోవారి కోసం కాదని వారు గ్రహించారు. మనిషి ముఖం చూసి నవ్వే నవ్వు సుమారు ఆరు వారాల తరువాత వస్తుంది. అరచేతికి ఏది తగిలినా వేళ్ళు ముడుచుకోవడం కూడా పుట్టుకతో వచ్చే అసంకల్పిత చర్య. "అయినా వేలు పట్టుకుందన్నది నిజం, అది ఉండనీ. గుర్తుపట్టిందన్నది నీ ఆశ. ఆశను ఆశగా రాస్తే కవిత అవుతుంది, జరిగిన సంగతిగా రాస్తే అబద్ధమవుతుంది."

"అబద్ధమైనా ప్రేమ వల్ల పుట్టిందే కదా మాస్టారూ?"

"ప్రేమ వల్లే పుట్టింది. కానీ పాప నిన్ను గుర్తుపట్టకపోయినా, నవ్వకపోయినా, ఏమీ తిరిగి ఇవ్వకపోయినా నువ్వు లెక్కపెడుతూనే ఉన్నావు. అంతకంటే పెద్ద సంగతి నీ కవితలో ఏముంది? దాన్ని ఆ నవ్వు కప్పేసింది."

తరువాత ఆచార్యుడు ఆంగ్లకవి కోల్‌రిజ్‌ను ప్రస్తావించాడు. 1798 ఫిబ్రవరిలో నెదర్ స్టోవీ అనే పల్లెలోని తన కుటీరంలో, మంచు కురిసే అర్ధరాత్రి, ఉయ్యాలలో నిద్రిస్తున్న కొడుకు పక్కన కూర్చొని ఆయన రాసిన కవిత తండ్రుల కవితలలో అగ్రగణ్యం. ఆ కొడుకు హార్ట్‌లీ 1796 సెప్టెంబరులో పుట్టాడు, అప్పటికి పదిహేడు నెలలవాడు. ఆ కవితలో బిడ్డ మెత్తని శ్వాస తండ్రి ఆలోచనల మధ్య ఏర్పడే విరామాలను నింపుతుంది. శ్వాస నిలకడగా ఉంది కనుకనే తండ్రి మనసు తన బడిరోజులకు వెళ్ళి, అక్కడి నుంచి కొడుకు భవిష్యత్తుకు చేరి, అతడు సరస్సుల పక్కన, కొండల నీడన స్వేచ్ఛగా తిరుగుతాడని ఊహించగలిగింది.

కవి వెంటనే అందుకొని, ఆసుపత్రిలో జరిగినది దీనికి సరిగ్గా తలకిందులని అన్నాడు: అక్కడ బిడ్డ శ్వాస తండ్రి ఆలోచనల ఖాళీలను నింపితే, ఇక్కడ బిడ్డ శ్వాసలోని ఖాళీలను తండ్రి ఆలోచన నింపింది. ఆరు సెకన్లలో గతానికీ భవిష్యత్తుకూ పోవడానికి వీలు లేదు. అంకె తరువాత అంకె తప్ప మరేదీ ఆ ఖాళీలో పట్టదు.

ఈ సంవాదంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట అదే, అది శిష్యుని నోట వచ్చింది. రెండు కవితల మధ్య భేదం కవుల ప్రతిభలో కాక బిడ్డల వయసులో ఉందని దానివల్ల తేలుతుంది. నవజాత శిశువు తండ్రికి ధ్యానాన్ని ఇవ్వదు, అవధానాన్ని మాత్రమే అడుగుతుంది. ఏకాంతాన్ని, జ్ఞాపకాన్ని, ఆశీర్వాదాన్ని ఆ రాత్రి మీద మోపిన కవిత తరువాతి రాత్రులను ఈ రాత్రికి తెచ్చి అతికిస్తోందన్నమాట. చివరి భవిష్యవాణిని కొట్టివేయడానికి కవి అప్పుడే సిద్ధపడ్డాడు. ఆచార్యుడు దానికి తోడు ఒక విషయం చెప్పాడు: హార్ట్‌లీ నిజంగానే సరస్సుల సీమలో జీవించి 1849లో మరణించాడు, కానీ తాగుడు కారణంగా ఆక్స్‌ఫర్డ్‌లోని ఫెలోషిప్‌ను పోగొట్టుకున్న తరువాత, తండ్రి ఊహించిన కొండలు దక్కాయి గాని ఊహించిన జీవితం దక్కలేదు.

ఇక మిగిలినది ఒంటరిగా కాపలా కాశానన్న మాట. ఆచార్యుడు దీని మీద మెత్తబడలేదు. పాప రెండు గంటలకోసారి లేచిందంటే, కుట్లు ఇంకా పచ్చిగా ఉన్న తల్లి అన్నిసార్లూ లేచి పాలిచ్చింది. ఆమె శరీరం చేసిన జాగరణను పక్కకు నెట్టి తండ్రి జాగరణను కీర్తించే కవితలో న్యాయం లేదని ఆయన స్పష్టంగా చెప్పాడు. కవి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, తాను లెక్కపెడుతున్నప్పుడు భార్య నిద్రపోతోందనే అనుకున్నాననీ, ఒకసారి ఆమె అడిగిన ప్రశ్న కవితలోకి రావాలని అప్పుడు తోచలేదనీ అన్నాడు. నలభై పంక్తులు ఏడయ్యాయి:

ఊపిరి ఆగింది.
ఒకటి, రెండు, మూడు, నాలుగు,
నా వేలు నీ గుప్పిట్లో ఉంది,
ఐదు, ఆరు.
మళ్ళీ మొదలైంది.
పక్క మంచం మీద మీ అమ్మ
కళ్ళు తెరవకుండానే అడిగింది: "ఈసారి ఎంతసేపు?"

ఇందులో ఉద్దీపనం ఏదని ఆచార్యుడు పరీక్షగా అడిగితే, ఆగిన ఊపిరేనని కవి బదులిచ్చాడు. చేష్ట లేకపోవడం ఉద్దీపనం కాగలదా అన్నది లక్షణకారులు చర్చించవలసిన విషయమే. ఈ ఏడు పంక్తుల వరకు కాగలదనే అంగీకరించాలి. వాత్సల్యమన్న మాట ఎక్కడా లేకుండా, "ఈసారి" అన్న ఒక్క పదంతో తల్లి కూడా మొదటి నుంచీ వింటోందని తెలియజేసిన ఈ పాఠం నలభై పంక్తుల పాఠం కంటే అన్ని విధాలా మేలైనది.

ఆరో వారం దాటాక పాప ముఖం చూసి నవ్వుతుంది, ఆరు నెలలు నిండేసరికి శ్వాస చాలావరకు కుదుటపడుతుంది, ఆ తరువాత ఆ తొలి రాత్రిని తలచుకునే తండ్రికి నవ్వే పాపే గుర్తుకు వస్తుంది. కనుక ఇటువంటి కవిత రాయదలచిన తండ్రులు కనీసం ఆ రాత్రి లెక్కలనైనా ఆ వారంలోనే రాసిపెట్టుకోవాలి.