ఆ మెయిల్ ఇంకా పంపకు నాయనా

కూర్చో నాయనా, కాసిని నీళ్ళు తాగు. ఆ ఫోన్ కాసేపు అరుగు మీద పెట్టు. సంక్రాంతికి కబడ్డీ పోటీలు పెడుతున్నారు, స్పాన్సర్‌షిప్ కోసం ఊళ్ళో కొట్ల వాళ్ళకి మెయిల్ రాశావు, పంపే ముందు నాకు చూపించావు. మంచి పని చేశావు. అందులో రెండో వాక్యమే ‘ఐదు వేల మంది ప్రేక్షకులు’ అని ఉంది. ఆ ఐదు వేల మందినీ ఎక్కడ కూర్చోబెడతావురా?

నీ మనసులో మోసం లేదని నాకు తెలుసు. పక్క ఊరి వాళ్ళు అలా రాశారు, నువ్వూ రాశావు. కానీ ఇనుప సామాన్ల కొట్లో ముప్పై ఏళ్ళు కూర్చున్న వాణ్ణి, ఇలాంటి మాట నమ్మి నేనూ ఒకసారి డబ్బిచ్చాను. ఐదు వేల మంది చూస్తారన్నారు. వెళ్ళి చూస్తే మూడొందల మంది లేరు. నా బ్యానర్ జనం వీపుల వెనక, బళ్ళు పెట్టుకునే చోట గోడకి కట్టారు. మరుసటేడు వాళ్ళు వస్తే టీ ఇచ్చి పంపించాను, డబ్బివ్వలేదు. వాళ్ళ తర్వాత నిజాయతీగా వచ్చిన పిల్లలకీ ఇవ్వలేదు. అది నాకిప్పటికీ బాధే.

కాబట్టి ముందు లెక్క చూసుకుందాం. నిరుడు ఫైనల్ రోజు స్కూలు మేడ మీంచి తీసిన ఫొటో ఉందన్నావుగా, అది తియ్యి. కబడ్డీ కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. చుట్టూ నాలుగేసి మీటర్లు వదిలి తాడు కట్టారు. పొడుగు పక్క తాడు వెంట నలభై మంది దాకా పట్టారు. వెనక్కి లెక్కపెడితే నాలుగు వరసలు. అంటే ఆ పక్క నూట అరవై మంది. ఒక పక్కంతా స్కోరు బల్ల, ఆటగాళ్ళే ఉన్నారు కాబట్టి దాన్ని వదిలెయ్యి. మూడు పక్కలకీ నాలుగొందల ఎనభై లోపే వస్తారు. గోడల మీదా చెట్ల మీదా ఉన్న వాళ్ళని కలుపుకున్నా ఆరొందలు దాటరు. మొదటి రెండు రోజులూ రెండేసి వందల మంది వచ్చారని నువ్వే చెప్పావు. ఈ మూడు రోజులూ కలిపి ‘వెయ్యి మంది’ అని రాయకు. మొదటి రోజు వచ్చిన వాడే ఫైనల్‌కీ వచ్చాడు కదా, వాణ్ణి రెండుసార్లు లెక్కపెట్టకూడదు. ‘ఫైనల్ సాయంత్రం ఐదారు వందలు, మిగతా రోజులు రెండేసి వందలు, నిరుటి ఫొటో చూసి లెక్కపెట్టాం’ అని రాసి, ఆ ఫొటో జత చెయ్యి.

చిన్న సంఖ్య రాస్తే ఎవరూ ఇవ్వరనుకుంటున్నావు. మా కొట్ల వాళ్ళ సంగతి నీకు తెలియదు నాయనా. మాకు ఎంతమంది అన్న దానికంటే ఎవరు, ఏ ఊరి నుంచి అన్నది ముఖ్యం. పదహారు జట్లు వస్తున్నాయి, జట్టుకి పన్నెండు మంది. ఏ ఊళ్ళ నుంచో పేర్లు రాయి. ఆ ఊళ్ళ వాళ్ళు సామాన్లకి మన బజారుకే వస్తారని నాకు తెలుసు, ఆ పేర్లు చూస్తే నా చెయ్యి గల్లాపెట్టె మీదకి వెళ్తుంది. చూసేవాళ్ళలో ఎక్కువమంది కుర్రాళ్ళు, ఆడవాళ్ళు పిల్లలతో ఫైనల్‌కే వస్తారు అంటున్నావు, ఆ మాటే రాయి. సెల్‌ఫోన్ల కొట్టు అతనికి అది బాగుంటుంది. చీరల కొట్టు ఆవిడ వద్దనుకోవచ్చు. అనుకోనీ. ఇచ్చి బాధపడడం కంటే ఇప్పుడే వద్దనడం ఆవిడకీ మంచిది, నీకూ మంచిది.

ఇక వాళ్ళకి నువ్విచ్చేది. ‘విస్తృత ప్రచారం’ అని రాశావు. దాన్ని కొట్టెయ్యి. కొలిచి చూసుకోగలిగింది రాయి. ఎనిమిది అడుగుల పొడవు, మూడడుగుల ఎత్తు ఫ్లెక్సీ, తాడుకి లోపలి వైపు, ముందు వరస వాళ్ళ మోకాళ్ళ ముందు కడతాం, ఎదురు పక్క వాళ్ళకి మూడు రోజులూ కనిపిస్తుంది అని రాయి. జనం వెనక గోడకి కడితే దాన్ని ఎవరూ చూడరు. మైకు సంగతీ అంతే. నాకౌట్ కాబట్టి పదహారు జట్లకి పదిహేను ఆటలు. ప్రతి ఆటకీ మధ్యలో ఐదు నిమిషాల విరామం ఉంటుంది. కూత నడుస్తుండగా కొట్టు పేరు చదివితే తిట్టుకుంటారు, విరామంలో చదివితే వింటారు. కానీ ఇరవై పేర్లు వరసగా చదివితే ఒక్కటీ చెవికెక్కదు. అందుకే ఆరుగురికి మించి తీసుకోకు, ఆరుగురే అని మెయిల్లో చెప్పు. వ్యాపారం పెరుగుతుందని మాత్రం మాటివ్వకు, అది నీ చేతిలో లేదు. విరాళం కింద పన్ను మినహాయింపు వస్తుందనీ రాయకు. క్లబ్బుని సొసైటీగా రిజిస్టర్ చేసినంత మాత్రాన అది రాదు, దానికి ఆదాయపు పన్ను శాఖ దగ్గర విడిగా అనుమతి ఉండాలి. రసీదు ఇస్తామని రాయి, చాలు.

డబ్బు మాట దగ్గర ‘మీకు తోచినంత’ అన్నావు. ఎంతడగాలో తెలియక కాదు, మొహమాటం. లైట్లు, రిఫరీలు, భోజనాలు, బహుమతులు, మైకు, బ్యానర్ల అచ్చు కలిపి మొత్తం రూ.84,000 అన్నావు. జట్టుకి 1,500 చొప్పున ప్రవేశ రుసుము 24,000 వస్తుంది. మీరు కుర్రాళ్ళు 30,000 వేసుకుంటున్నారు. ఆ మాట దాచుకున్నావెందుకు? ముందు మీ జేబులోంచి తీశారని తెలిస్తే మాకు మీ మీద గౌరవం పెరుగుతుంది. తక్కువ పడుతున్నది 30,000. ఆరుగురికి ఐదేసి వేలు.

ఇప్పుడు రాసుకో. విషయం దగ్గర ‘సహాయం కోరుతూ’ అని కాదు, ‘సంక్రాంతి కబడ్డీ: కోర్టు పక్కన మీ కొట్టు బ్యానర్, రూ.5,000’ అని పెట్టు. లోపల ఇలా:

‘నమస్కారం అండి. మన హైస్కూలు మైదానంలో పండగకి మూడు రోజులు కబడ్డీ పోటీలు జరుపుతున్నాం. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పదహారు జట్లు వస్తున్నాయి, ఊళ్ళ పేర్లు కింద రాశాం. నిరుడు ఫైనల్‌కి ఐదారు వందల మంది, మిగతా రోజులు రెండేసి వందల మంది వచ్చారు. ఫొటో చూసి లెక్కపెట్టాం, అది జత చేశాం. ఎక్కువమంది కుర్రాళ్ళే, ఆడవాళ్ళు పిల్లలతో ఫైనల్‌కే వస్తారు. రూ.5,000 ఇస్తే ఎనిమిది అడుగుల పొడవు, మూడడుగుల ఎత్తు మీ బ్యానర్ కోర్టు పక్కన, తాడుకి లోపలి వైపు మూడు రోజులూ ఉంటుంది, ప్రతి ఆట విరామంలో మీ పేరు మైకులో చెప్తాం. ఆరుగురినే తీసుకుంటున్నాం. బ్యానర్ అచ్చు ఖర్చు మాదే. డబ్బుకి రసీదు ఇస్తాం. వర్షం వచ్చి పోటీలు ఆగిపోతే డబ్బు తిరిగిచ్చేస్తాం. వీలు కాకపోతే ఆ మాటే చెప్పండి, ఏమీ అనుకోము.’

కింద ఊళ్ళ పేర్లు, నీ పేరు, ఫోన్ నంబరు, మీరు వేసుకున్న డబ్బుతో సహా ఖర్చుల లెక్క. అంతే. కొట్ల వాళ్ళందరికీ ఒకే మెయిల్ పడెయ్యకు, ఒకరి చిరునామా ఒకరికి కనిపిస్తుంది, పైగా అందరూ ‘మిగతావాళ్ళు ఇస్తార్లే’ అనుకుంటారు. ఒక్కొక్కరికి పేరు పెట్టి విడిగా రాయి. పండగకి ఆరు వారాల ముందే పంపు, పండగ వారంలో మాకు తల ఎత్తే తీరిక ఉండదు. రెండు రోజులాగి మధ్యాహ్నం మూడింటప్పుడు, బేరాలు లేని వేళ, ఒకసారి కొట్టుకి వెళ్ళి కనిపించు. మళ్ళీ మళ్ళీ వెళ్ళకు.

పోటీలు అయిపోయాక ఇంకో మెయిల్ ఉంది, దాన్ని మర్చిపోయేవాళ్ళే ఎక్కువ. జనం మధ్యలో వాళ్ళ బ్యానర్ కనిపించే ఫొటో ఒకటి, ఈసారి రోజుకి ఎంతమంది వచ్చారో, అనుకున్న దానికంటే తక్కువ వస్తే ఆ తక్కువే, ఖర్చు ఎంతయిందో, ఏమైనా మిగిలితే ఎంత మిగిలిందో. వారం లోపల పంపు. ఈసారి ఫొటో మేడ మీంచి రోజూ ఒకటి తియ్యి, ఆటలు బాగా సాగే ఏడింటప్పుడు. తీసే పని ఎవరిదో ఇవాళే ఒక కుర్రాడికి అప్పజెప్పు. ఆ ఫోన్ ఇటివ్వు, ముందు ఆ ఐదు వేలు చెరిపేద్దాం.