ఆరు సెకన్ల మౌనం

ఈ వ్యాసం రేపు పొద్దున్నకల్లా పంపాలి. ఈలోగా మనవరాలు ఇంకో పని పెట్టింది. పదో తరగతి పిల్లలకు ఒకే ఒక్క చదువు చిట్కా చెప్పే 30 సెకన్ల వీడియోకు మాటలు రాసిమ్మంది. ఫోన్లో తనే తీస్తుందట.

సరస్వతీ స్తుతితో మొదలుపెట్టాను. గడియారం ముందు పెట్టుకుని చదివింది. "తాతయ్యా, దీనికే 12 సెకన్లు పోయాయి!" కొట్టేశాను. అమ్మవారు ఏమీ అనుకోదులెండి. హడావుడి లేకుండా పలికితే 30 సెకన్లలో యాభై అరవై మాటలకు మించి పట్టవు.

నా చిట్కా పాతదే. చదివాక పుస్తకం మూసి, చూడకుండా చెప్పుకోవడం. వేదపాఠశాలలో సంత చెప్పుకున్నవారికి అప్పజెప్పడమంటే ఏమిటో తెలుసు. ఇప్పటి పిల్లలు రంగు పెన్నుతో గీతలు గీస్తూ అదే పేజీ పదిసార్లు చదువుతారు. కంటికి అలవాటైపోతుంది, వచ్చేసిందనుకుంటారు. 2006లో రోడిగర్, కార్పికే అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని విద్యార్థులతో పరీక్షించారు. ఐదు నిమిషాలకే అడిగితే మళ్ళీ మళ్ళీ చదివినవారు ముందున్నారు. వారం తర్వాత అడిగితే, చూడకుండా రాసుకున్నవారిది పైచేయి అయింది. రాత్రి చదివి మురిసిపోయే పిల్లలు మోసపోయేది అక్కడే.

స్క్రిప్టు ఇలా కుదిరింది. మొదటి 4 సెకన్లు తెరిచిన పుస్తకం, గుండె బొమ్మ. "ఈ పేజీ చదివేశావు కదా?" టప్పున పుస్తకం మూత. "ఇప్పుడు చెప్పు. గుండెలో గదులెన్ని? పేర్లేమిటి?" తర్వాత 6 సెకన్లు మాట లేదు, తెల్ల కాగితం మాత్రమే. ఆపైన కాగితం మీద మూడు పేర్లు: కుడి కర్ణిక, ఎడమ కర్ణిక, కుడి జఠరిక. "నాలుగోది తట్టలేదా? ఇంకాస్త ఆలోచించు. రాకపోతే తెరిచి చూడు. మూసి, మళ్ళీ రాయి. రేపు కూడా చూడకుండా రాయి."

పాఠమే అర్థం కాని పిల్లవాడికి ఇది పనికిరాదు. వాడు ముందు మాస్టారి దగ్గరికి వెళ్ళాలి. తిండి మానేసిన వాడికీ పనికిరాదు. ఉపనిషత్తు కథలో పదిహేను రోజులు నీళ్ళు మాత్రమే తాగిన శ్వేతకేతువుకు నేర్చిన వేదం తట్టలేదు, అన్నం తిన్నాక తట్టింది. అయితే అది రెండో చిట్కా, వీడియోలో చోటు లేదు.

పేచీ ఆ 6 సెకన్ల దగ్గర వచ్చింది. "శబ్దం లేకపోతే జనం పైకి తోసేస్తారు. మ్యూజిక్ పెడతాను" అంది. పెట్టొద్దన్నాను. పిల్లవాడు తనలో తాను వెతుక్కునేది ఆ ఖాళీలోనే. అక్కడ డప్పు మోగిస్తే వెతకడం ఆగిపోతుంది, చిట్కా ఉత్త మాటగా మిగులుతుంది. మర్రిచెట్టు కింద దక్షిణామూర్తి మౌనంగానే బోధించాడని గుర్తుచేశాను. "ఆయనకు వ్యూస్ అక్కర్లేదు తాతయ్యా" అంది.

చివరికి 4 సెకన్ల మౌనానికి ఒప్పుకుంది. నేను 5 దగ్గర ఆగాను.