అమ్మ కథల్లో వాటాలు

పొలం పంపకాల్లో మనవైపు ఒక పాత పద్ధతి ఉంది. పెద్దవాడు వాటాలు వేస్తే చిన్నవాడు ముందు కోరుకోవాలి. తనకి ఏది మిగులుతుందో తెలీదు కాబట్టి పెద్దవాడు సమంగానే కోస్తాడు. అమ్మ సంస్మరణ సభలో మా ముగ్గురికీ కలిపి పన్నెండు నిమిషాలు దొరికినప్పుడు అన్నయ్య ఇదే పద్ధతి పెట్టాడు. అమ్మ కథలన్నీ మూడు కాగితాల మీద రాసి, ముందు నన్ను తీసుకోమన్నాడు.

నేను తీసేలోపే అక్క అంది: "ఏ కాగితం ఎవరికొచ్చినా, గాజుల కథ మాత్రం నాది."

అన్నయ్య ఇంజనీరింగ్ ఫీజు కోసం అమ్మ నాలుగు బంగారు గాజులు అమ్మింది. కాగితం మీద అన్నయ్య దాన్ని "అమ్మ త్యాగం" అని రాశాడు. కానీ అవి అక్క పెళ్లికని దాచిన గాజులు. అమ్మేటప్పుడు అక్కని ఎవరూ అడగలేదు.

పాత పద్ధతి పనికిరానిది ఇక్కడే. పొలం ఎవరి పేర రాసినా పొలమే. కథ అలా కాదు, చెప్పే నోరు మారితే కథే మారిపోతుంది. అన్నయ్య చెబితే అందులో అక్క ఉండదు. నలుగురూ విన్నదే రేపట్నుంచి మా ఇంటి కథ అయిపోతుంది. అంటే మేం పంచుకుంటున్నది నిమిషాల్ని కాదు, అమ్మ ఎలాంటి మనిషో చెప్పే హక్కుని.

ఆ హక్కు ముందు ఎవరికి? లాభం పొందినవాళ్లకా, నష్టపోయినవాళ్లకా? నష్టపోయినవాళ్లకే అంటాను. లాభం పొందినవాడు కృతజ్ఞత ఇంకోలా ఎలాగైనా చెప్పుకోవచ్చు. నష్టపోయిన మనిషి కథ ఇంకొకరు చెబితే, ఆ నష్టం వేరొకరి పొగడ్తకి అలంకారం అయిపోతుంది. అయితే దీనికీ ఒక హద్దుంది. సంస్మరణ సభ పంచాయితీ కాదు, బదులు చెప్పడానికి అమ్మ లేదు. జరిగింది చెప్పొచ్చు గానీ తీర్పు చెప్పకూడదు.

అందుకే కథని రెండుగా విడదీశాం. గాజులు ఎవరి కోసం దాచారో, ఎందుకు అమ్మారో అక్క చెప్పింది, తనకి చాన్నాళ్లు కోపం ఉండేదని కూడా. అక్కణ్ణుంచి మైకు అందుకుని అన్నయ్య ఆ డబ్బు తనని ఎక్కడిదాకా తీసుకెళ్లిందో చెప్పాడు. త్యాగం అన్న మాట ఇద్దరూ వాడలేదు.

చివరి ఎనిమిది నెలలూ అమ్మని చూసుకున్నది నేను కాబట్టి, ఆ రోజులు నా వాటా అన్నారిద్దరూ. నేను వద్దన్నాను. మంచం మీది అమ్మని నలుగురి ముందు పెట్టడం ఆవిడకి నచ్చదు. ఎవరూ చెప్పకుండా ఉంచే హక్కు కూడా వాటాలో భాగమే. నేను ఆవిడ రోజూ పేపర్లో నింపే గళ్లనుడికట్టు గురించి మాట్లాడాను.

ముందురోజు రాత్రి మూడు కాగితాలూ వరసగా పైకి చదువుకున్నాం. అప్పుడు వేసుకోవలసిన ప్రశ్న నా వంతు సరిపోయిందా అని కాదు. మిగతా ఇద్దరూ చెప్తున్న ఈవిడ, నాకు తెలిసిన అమ్మేనా? ముగ్గురిలో ఏ ఒక్కరు కాదన్నా, నిమిషాలు ఎంత సమంగా ఉన్నా పంపకం తప్పినట్టే.